కోర్టులో దాఖలు చేయడానికి సీలు, సంతకంతో ధ్రువీకరించిన ఖాతా స్టేట్‌మెంట్ కోసం దరఖాస్తు

గుంటూరు,
10 నవంబరు 2025.

బ్రాంచి మేనేజర్ గారికి,
బ్రాడీపేట శాఖ, గుంటూరు.

విషయం: 01-04-2022 నుంచి 30-06-2024 వరకు నా సేవింగ్స్ ఖాతా (చివరి నాలుగు అంకెలు 4471) స్టేట్‌మెంట్‌ను బ్యాంకు సీలు, అధికారి సంతకం, సర్టిఫికెట్‌తో ఇప్పించమని విన్నపం.

అయ్యా,

నా పేరు కె. పద్మావతి. కొరిటెపాడులో ఉంటాను. పై ఖాతా నా భర్త కె. శ్రీనివాసరావు గారు, నేను కలిసి తెరిచిన జాయింట్ ఖాతా. 2024 జూన్‌లో రోడ్డు ప్రమాదంలో ఆయన చనిపోయారు. తర్వాత మీ శాఖలోనే మరణ ధ్రువీకరణ పత్రం ఇచ్చి ఆయన పేరు తీయించాను. ఖాతా ఇప్పుడు నా ఒక్కదాని పేరు మీద నడుస్తోంది.

నష్టపరిహారం కోసం గుంటూరు మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో నేను, నా ఇద్దరు పిల్లలు వేసిన కేసు (ఎం.వి.ఓ.పి. నెం. 214/2025) ఈ నెల 24న విచారణకు వస్తోంది. మా వారు మిర్చి యార్డులో ఒక కమీషన్ షాపులో గుమస్తాగా చేసేవారు. నెలకు 22,500 రూపాయల జీతం ఈ ఖాతాలోనే పడేది. ఆయనకు నెలజీతం లేదని, సీజన్‌లో మాత్రమే పని దొరికేదని అవతలి పక్షం వాదిస్తోంది. యార్డుకు వేసవి సెలవులిచ్చే మే నెలలో కూడా ఆయన జీతం ఆగలేదు. అది చూపించగలిగేది మీ దగ్గరున్న లెక్క ఒక్కటే. పరిహారం కట్టేది నెల ఆదాయాన్ని బట్టి కాబట్టి, ఆ ఆదాయం రుజువు కాకపోతే పిల్లల చదువులకు ఆధారం పోతుంది.

పాస్‌బుక్ తీసుకెళ్లి మా వకీలు గారికి చూపించాను. అందులో జీతం పడిన ప్రతి వరుసలోనూ నెఫ్ట్ నంబరు తర్వాత షాపు పేరు సగంలో తెగిపోయింది, కొన్ని పేజీల్లో సిరా కూడా వెలిసిపోయింది. ఫోన్ యాప్‌లో తీసిన స్టేట్‌మెంట్ కింద సంతకం అవసరం లేదని రాసి ఉంటుంది కానీ, కోర్టులో సాక్ష్యంగా పెట్టడానికి అది సరిపోదని ఆయన చెప్పారు. అందువల్ల మీ సిస్టమ్ నుంచి కొత్తగా ప్రింటు తీయించి, డబ్బు పంపినవారి పేరుతో సహా వివరం పూర్తిగా కనిపించేలా ఇప్పించమని కోరుతున్నాను.

ప్రతి పేజీ మీద బ్రాంచి రౌండ్ సీలు, సంతకం, పేజీ నంబరు ఉండాలి. ఆఖరి పేజీలో సంతకం చేసిన అధికారి పేరు, హోదా, ఉద్యోగి నంబరు, తేదీ రాయించండి. దాంతోపాటు 1891 నాటి బ్యాంకర్స్ బుక్స్ ఎవిడెన్స్ యాక్ట్ సెక్షన్ 2ఎ ప్రకారం మూడు సర్టిఫికెట్లు కావాలి. ఈ ప్రింటు బ్యాంకు లెక్కల్లో ఉన్న ఎంట్రీలదేనని మీరు గానీ, ప్రిన్సిపల్ అకౌంటెంట్ గారు గానీ ఇచ్చేది ఒకటి. కంప్యూటర్ సిస్టమ్ గురించి, అందులో డేటా భద్రత గురించి ఆ సిస్టమ్ బాధ్యత చూసే అధికారి ఇచ్చేది రెండోది. ఆ కాలంలో సిస్టమ్ సరిగ్గా పనిచేసిందని, ప్రింటు అందులోని డేటాకు సరిపోతుందని అదే అధికారి ఇచ్చేది మూడోది. ఇవి లేకపోతే సీలు ఉన్నా అవతలివాళ్లు అభ్యంతరం చెప్పే వీలుంది.

ఇంకొక ముఖ్యమైన మాట. ఆయన పేరు తీసేశారు కాబట్టి ఇప్పుడు ప్రింటు తీస్తే పైన నా పేరు మాత్రమే రావచ్చు. అప్పుడు ఆ జీతం ఎవరిదన్న ప్రశ్న వస్తుంది. స్టేట్‌మెంట్ కాలమంతా ఈ ఖాతాలో శ్రీనివాసరావు గారు మొదటి ఖాతాదారుగా ఉన్నారని, ఆయన పేరు ఏ తేదీన తొలగించారో కూడా మీ లెటర్‌హెడ్ మీద రాసి, సీలు వేసి ఇప్పించండి. ఈ ఒక్క కాగితం మరిచిపోవద్దని ప్రత్యేకంగా వేడుకుంటున్నాను.

నాకు రెండు సెట్లు కావాలి, ఒకటి కోర్టుకు, ఒకటి మా వకీలు గారి ఫైలుకు. చార్జీలు జీఎస్టీతో కలిపి ఇదే ఖాతాలో నుంచి తీసుకోవడానికి నా సమ్మతి తెలుపుతున్నాను. 19వ తేదీ బుధవారం లోపు అందితే వకీలు గారు చూసుకుని దాఖలు చేయడానికి సమయం ఉంటుంది. సెక్షన్ 2ఎ సర్టిఫికెట్ మీ పై ఆఫీసు నుంచి రావాల్సి ఉంటే దయచేసి ఈ రోజే పంపించండి. సిద్ధం కాగానే ఖాతాలో నమోదైన నా మొబైల్‌కు కబురు చేస్తే నేనే వచ్చి సంతకం పెట్టి తీసుకుంటాను.

ఈ దరఖాస్తు రెండో ప్రతి మీద అందినట్టు తేదీ, సీలు వేసి ఇప్పించగలరు.

ఇట్లు,
భవదీయురాలు,
కె. పద్మావతి

జతచేసినవి: పూర్తి ఖాతా నంబరు ఉన్న పాస్‌బుక్ మొదటి పేజీ నకలు, నా ఆధార్, పాన్ నకళ్లు, మా వారి మరణ ధ్రువీకరణ పత్రం నకలు, కేసు నంబరు, వాయిదా తేదీతో వకీలు గారు ఇచ్చిన లేఖ. అసలు పత్రాలు వెంట తెచ్చాను, సరిచూసుకోవచ్చు.