నాలుగు వారాల పద్యధారణ: మా మిద్దె మీద అప్పజెప్పే పట్టిక

పుత్తూరు పాపకు, చంద్రగిరి, పాకాల అబ్బాయిలకు, మదనపల్లె నుంచి వచ్చి కొర్లగుంటలో అద్దెకుంటున్న పెద్దాయనకు,

పోయిన ఆదివారం మీరు రాసిన సివిల్స్ మెయిన్స్ నమూనా పేపర్లు దిద్దాను. విషయం అందరికీ ఉంది. పద్యం దగ్గరికి వచ్చేసరికి నలుగురూ తడబడ్డారు. ఒకరు తిక్కన పద్యాన్ని నన్నయకు అంటగట్టారు. ఇంకొకరు ‘సూనృతవాక్యము’ను ‘సున్నితవాక్యము’ చేశారు. సూనృతమంటే సత్యం నాయనా, మెత్తగా మాట్లాడటం కాదు. ఆ ఒక్క అక్షరంతో శకుంతల వాదమంతా గాలికి పోయింది.

తెలుగు సాహిత్యం రెండు పేపర్లు, ఒక్కోటి 250 మార్కులు. 150 మాటల్లో ముగించాల్సిన పది మార్కుల ప్రశ్నలో నాలుగు పాదాలూ రాస్తే జవాబుకు చోటుండదు. ఒక పాదం చాలు, కానీ తప్పు లేకుండా రావాలి. ఆ ఒక్క పాదం రావాలంటే మాత్రం నాలుగూ నోటికి ఉండాల్సిందే. అందుకే పదహారే ఎంచాను. యాభై పద్యాలు సగం సగం వచ్చినవాడికంటే పదహారు గట్టిగా వచ్చినవాడే నయం.

సోమవారం నుంచి శనివారం దాకా, పొద్దున అయిదున్నరకు మా మిద్దె మీద. ఎండెక్కక ముందే ముగించేస్తాం. ఒకరు చెబుతారు, ఒకరు పుస్తకం పట్టుకుంటారు, మిగతా ఇద్దరూ వింటారు. పుస్తకం పట్టుకున్నవాళ్ళు మధ్యలో మాట అందించకూడదు, పది అంకెలు లెక్కపెట్టాకే అందించాలి. కొత్త పద్యం నేర్చిన మరుసటి రోజు, మూడో రోజు, ఏడో రోజు, పదిహేనో రోజు మళ్ళీ అప్పజెప్పాలి. తప్పిన పద్యానికి లెక్క మళ్ళీ మొదటి రోజు నుంచే.

మొదటి వారం: నన్నయ, తిక్కన

సోమవారం ‘సారమతిం గవీంద్రులు’. నన్నయ తన గుణాలు తానే చెప్పుకున్న పద్యం: ప్రసన్నకథాకలితార్థయుక్తి, అక్షరరమ్యత, నానారుచిరార్థసూక్తినిధిత్వం. మొదటి పేపర్లో నన్నయ శైలి అడిగితే ఈ మూడు మాటలే మీ ఉపశీర్షికలు.

బుధవారం దుష్యంత చరిత్ర లోది. దీని మీద రెండు రోజులు పెడతాం, ఎందుకంటే పద్యం ఎలా పట్టాలో నేర్పేది ఇదే.

నుతజలపూరితంబులగు నూతులు నూఱిటికంటె సూనృత
వ్రత! యొక బావి మేలు; మఱి బావులు నూఱిటికంటె నొక్క స
త్క్రతువది మేలు, తత్క్రతుశతంబునకంటె సుతుండు మేలు, త
త్సుతశతకంబుకంటె నొక సూనృతవాక్యము మేలు చూడఁగన్

ఇది నిచ్చెన. నూతులు, బావి, క్రతువు, సుతుడు, సత్యవాక్యం. అయిదు మెట్లూ వరసగా చెప్పగలిగితే సగం పద్యం వచ్చినట్టే. మిగతా సగం ఛందస్సే అందిస్తుంది. పాదం మొదట్లో ఆగిపోతే ప్రాస తలుచుకోండి: నుత, వ్రత, త్క్రతు, త్సుత. అన్నిట్లో రెండో అక్షరం తకారమే. మధ్యలో ఆగిపోతే యతి తలుచుకోండి. చంపకమాల కాబట్టి పదకొండో అక్షరం: ‘ను’కు ‘నూ’, ‘వ్ర’కు ‘బా’, ‘త్క్ర’కు ‘తం’, ‘త్సు’కు ‘సూ’. వ్రతకు బావి ఎలా కుదిరిందని పుత్తూరు పాప అడుగుతుంది, నాకు తెలుసు. బకార వకారాలకు యతి చెల్లుతుంది తల్లీ.

ఇంకో మాట. ‘సూనృత’ దగ్గర ఊపిరి తీసుకోవద్దు, ‘వ్రత’ దాకా పోవాలి. అది సంబోధన, సత్యవ్రతం పట్టినవాడా అని దుష్యంతుణ్ణి పిలుస్తోంది. ఫోన్‌లో రాగాలతో విని నేర్చుకుంటే పాదం చివర మాట తెగిపోతుంది, అర్థమూ తెగిపోతుంది. రాగం తరవాత చూసుకుందాం. ముందు పదచ్ఛేదం చేసి వచనంలా చదవండి.

శుక్రవారం తిక్కన, శ్రీకృష్ణ రాయబారం నుంచి.

సారపు ధర్మమున్ విమలసత్యముఁ బాపముచేత బొంకుచేఁ
బారముఁ బొందలేక చెడఁబాఱినదైన యవస్థ దక్షులె
వ్వార లుపేక్ష సేసి రది వారల చేటగుఁ గాని ధర్మని
స్తారకమయ్యు సత్యశుభదాయకమయ్యును దైవముండెడున్

ఇది ఉత్పలమాల, యతి పదో అక్షరం. మొదటి పాదంలో జతలు చూడండి: ధర్మానికి పాపం, సత్యానికి బొంకు. చివరి పాదంలో ఆ ధర్మసత్యాలే అదే వరసలో మళ్ళీ వస్తాయి. చేయగలిగి ఊరకున్న పెద్దలను సభలో అడుగుతున్నాడు కృష్ణుడు. పాకాల అబ్బాయి దీన్ని మెల్లగా గొణుగుతాడు, కుదరదు. కౌరవసభలో నిలబడ్డట్టు చెప్పాలి, పక్కింటివాళ్ళు లేస్తే నేను సర్దిచెబుతాను.

రెండో వారం: శ్రీనాథుడు మొదలుకొని

సోమ, మంగళవారాలు ‘చిన్నారి పొన్నారి చిఱుత కూఁకటినాడు’. కాశీఖండం అవతారికలోని సీసం. గుణనిధి కథకు ముందుమాటగా పనికొస్తుంది, మొదటి పేపర్లో శ్రీనాథుడి రచనల వరసకూ పనికొస్తుంది. పసితనంలో మరుత్తరాట్చరిత్ర, నూనూగు మీసాలనాడు శాలివాహన సప్తశతి, నిండు జవ్వనంలో నైషధం, ప్రౌఢవయసులో భీమఖండం, ఆ తరవాత కాశీఖండం. మనిషి పెరిగినట్టే పద్యమూ పెరుగుతుంది, వరస తప్పడానికి వీల్లేదు.

బుధవారం మొల్ల, ‘తేనె సోక నోరు తీయనయగు రీతి’. ఆటవెలది, అర్ధగంట పని.

గురువారం ధూర్జటి. మన పక్కనున్న కాళహస్తి పద్యం రాకపోతే నాకే సిగ్గు.

ఏ వేదంబు పఠించె లూత? భుజగంబే శాస్త్రముల్ సూచెఁ? దా
నే విద్యాభ్యసనం బొనర్చెఁ గరి? చెంచే మంత్రమూహించె?

సాలీడు, పాము, ఏనుగు. శ్రీ, కాళ, హస్తి. ఊరి పేరు వరసే పద్యం వరస. వాటి వెనక కన్నప్ప. మిగతా రెండు పాదాలు పుస్తకంలో చూసుకోండి. ధూర్జటి రెండో పేపరు పాఠ్యాల్లో లేడు, శతకం గురించి మొదటి పేపర్లో అడిగితే వాడుకోండి.

శుక్రవారం ఆంధ్రనాయక శతకం. ‘చిత్రచిత్రప్రభావ! దాక్షిణ్యభావ! హతవిమతజీవ! శ్రీకాకుళాంధ్రదేవ!’ మకుటం అందరికీ ఒకటే, సీసం మాత్రం ఎవరికి నచ్చింది వాళ్ళు ఎంచుకోండి. ఈ శ్రీకాకుళం కృష్ణా తీరంలోది, ఉత్తరాంధ్రలో జిల్లా కేంద్రం కాదు. పింగళి సూరన నుంచి పద్యం పెట్టలేదు. సుగాత్రీ శాలీనుల కథకు కథనం తెలిస్తే చాలు.

మూడో వారం: సూత్రాలు, ఆధునికులు

సోమవారం ఒక్కరోజులో అయిదు సూత్రాలు. భరతుడిది ‘విభావానుభావ వ్యభిచారి సంయోగాద్రసనిష్పత్తిః’. భామహుడిది ‘శబ్దార్థౌ సహితౌ కావ్యమ్’. వామనుడిది ‘రీతిరాత్మా కావ్యస్య’. ఆనందవర్ధనుడిది ‘కావ్యస్యాత్మా ధ్వనిః’. విశ్వనాథుడిది ‘వాక్యం రసాత్మకం కావ్యమ్’. ఈ విశ్వనాథుడు సాహిత్యదర్పణకారుడు, పధ్నాలుగో శతాబ్దం వాడు. ఆంధ్రప్రశస్తి రాసిన విశ్వనాథ సత్యనారాయణ కాదు. నవ్వకండి, మీలో ఒకరు అలాగే రాశారు.

బుధవారం నుంచి శనివారం దాకా రోజుకొకరు: విశ్వనాథ, కృష్ణశాస్త్రి, శ్రీశ్రీ, జాషువా. మీ పాఠ్యభాగంలోంచే నాలుగేసి పాదాలు మీరే ఏరుకోండి. ఎందుకు ఏరుకున్నారో ఒక్క వాక్యంలో చెప్పాకే పద్యం వింటాను.

నాలుగో వారం

కొత్తవి లేవు. పదహారూ చీటీల మీద రాసి డబ్బాలో వేస్తాను. తీసిన చీటీలోని పద్యం అప్పజెప్పి, అది ఏ ప్రశ్నకు పనికొస్తుందో రెండు మాటల్లో చెప్పాలి. శనివారం నోటితో కాదు, చేత్తో. గంటలో పదహారూ రాయాలి. అరసున్నలకు పట్టింపు లేదు, ఒత్తులకూ దీర్ఘాలకూ ఉంది.

మదనపల్లె పెద్దాయన డ్యూటీ ఉన్న రోజుల్లో సాయంత్రం ఏడుకు రావచ్చు. పుస్తకం మా ఇంటావిడ పట్టుకుంటుంది. ఆమె పది లెక్కపెట్టదు, ఇరవై లెక్కపెడుతుంది.

సోమవారం నుంచి మొదలు. చంద్రగిరి అబ్బాయి మొదట చెబుతాడు.

మీ అయ్యోరు