శీను ప్రొఫైల్: కోసేసిన కాపీ, ఎందుకు కోశానో కూడా

తమ్ముడూ, శీను మీద నువ్వు రాసింది నిన్న రాత్రి రెండుసార్లు చదివా. మేటర్ సూపర్‌గా ఉందిరా, ఒక్కటే బాధ, అది నాలుగో పేజీలో ఉంది. నువ్వు పంపింది ఆరు పేజీలు, సంక్రాంతి సంచికలో మనకున్నది ఒక్క పేజీ, అందులో మూడో వంతు ఫోటోకే పోతుంది. అందుకని కోశాను, గట్టిగానే కోశాను, చూడగానే తిట్టుకోకు. ఎక్కడెక్కడ ఎందుకు తీసేశానో ముందు చెప్తా, ఎడిట్ చేసింది మొత్తం కింద పెట్టా.

నీ మొదలు ఇలా ఉంది:

"వాలీబాల్ అనే క్రీడను 1895వ సంవత్సరంలో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, హోల్యోక్ పట్టణంలో విలియం మోర్గాన్ గారు కనిపెట్టినారు. మొదట్లో దీనిని మింటోనెట్ అని పిలిచేవారు. 1964లో టోక్యో ఒలింపిక్స్‌లో ఈ క్రీడకు స్థానం లభించింది. అటువంటి మహత్తరమైన క్రీడలో మన ప్రాంతం నుండి ఎందరో ఆణిముత్యాలు ఉద్భవించారు. అటువంటి ఆణిముత్యాలలో ఒకరైన శ్రీను గారు 1984వ సంవత్సరంలో ఒక సామాన్య కుటుంబంలో జన్మించారు. చిన్ననాటి నుండే ఆయనకు క్రీడల పట్ల మక్కువ ఎక్కువ."

1895లో అమెరికాలో బస్సెక్కి శీను దగ్గర దిగేసరికి పేజీ అయిపోయింది చూడు. మోర్గాన్ సంగతి తప్పని కాదు, కరెక్టే, కానీ మన పుస్తకం చదివేవాళ్లంతా రోజూ సాయంత్రం ఆడేవాళ్లే, వాళ్లకి వాలీబాల్ ఎలా పుట్టిందో కాదు కావాల్సింది, శీను సంగతి కావాలి. పైగా ఆ మక్కువ అనే వాక్యం నువ్వు ఎవరి మీదైనా రాయొచ్చు, పేరు మార్చి మన సెక్రటరీ గారి మీద పెట్టినా సరిపోద్ది. ఇంకో మాట, మనం నోటితో "శీను" అంటాం కదా, రాసేసరికి "శ్రీను గారు ఉద్భవించారు" అయిపోతాడేంటి? శీనుగానే ఉంచా.

అసలు సరుకు ఎక్కడుందో తెలుసా, నాలుగో పేజీలో బ్రాకెట్లో పెట్టావు, పసుపు టీషర్టు సంగతి. "(ఆ రోజు జరిగిన ఒక సరదా సంఘటన)" అని రెండు లైన్లలో తేల్చేశావు. నేను అది చదివి ఒక్కణ్ణే పగలబడి నవ్వా, మీ వదిన లేచొచ్చి ఏమైందని అడిగింది. అదే మొదలు. దాన్ని పైకి లాగితే మిగతాదంతా దానంతటదే వెనకాల వచ్చేసింది, లిబెరో అంటే ఏంటి, ఎందుకయ్యాడు, భుజం ఎప్పుడు పోయింది, అన్నీ. వాలంటీర్ అనే మాటకి ఈమధ్య మన దగ్గర వేరే అర్థం వచ్చింది కదా, ఆ జోకు మాత్రం వద్దు, చదివేవాళ్లే నవ్వుకుంటారు, మనం ముట్టుకోవద్దు.

హాస్పిటల్లో సరిగ్గా చూడలేదు, డబ్బులు లాగారు అని పేజీన్నర రాశావు. నిజమే అయ్యుండొచ్చు, శీను బాధ నాకూ తెలుసు, కానీ వాళ్ల మాట మనం వినలేదు, క్లబ్ పుస్తకంలో ఒక వైపు మాటే వేసి రేపు ఎవడైనా వచ్చి అడిగితే సమాధానం చెప్పాల్సింది నువ్వూ నేనూ కాదు, శీను. తీసేశా. మనకి కావాల్సింది ఒక్కటే, చెయ్యి లేవలేదు. అది ఎలా ఉంటుందో నువ్వే రాశావు, షాపులో రాగి తీగ చుట్ట ఎడం చేత్తో దించుకునేవాడని. ఆ ఒక్క ముక్క ముందు నీ పేజీన్నర దిగదుడుపు.

"రాష్ట్రంలోనే అత్యుత్తమ లిబెరో" ఎవరన్నారు? "ఒకే మ్యాచ్‌లో 40 స్మాష్‌లు లేపిన ఘనుడు" అన్నావు, ఎవరు లెక్కపెట్టారు? మన స్కోర్ షీట్‌లో పాయింటుకి గీత కొడతాం, డిఫెన్స్‌కి అసలు గడే ఉండదు. అసలు ఆ గడి లేకపోవడమే శీను కథ కదా అనిపించింది నాకు, అందుకే నంబర్ తీసేసి ఆ మాట పెట్టా.

ప్రెసిడెంట్ గారి పేరు మూడుసార్లు, నెట్టు కొనిచ్చినాయన పేరు రెండుసార్లు వచ్చింది. కృతజ్ఞతల పేజీ వేరే ఉంది, అక్కడ పెద్దక్షరాలతో వేద్దాం, ఎవరూ ఫీలవ్వరు. పెద్దమ్మాయి పదో తరగతి మార్కులు కూడా తీసేశా, దానికి శీను ఫోన్ చేస్తే నాకివ్వు, నేను మాట్లాడతా.

ఇదిగో కాపీ.

పసుపు చొక్కా శీను

2013 దసరా టోర్నమెంటుకి మన టీమ్ కోర్టులోకి దిగబోతుంటే ఒక చొక్కా తక్కువైంది. లిబెరోగా ఆడేవాడు మిగతావాళ్ల కంటే వేరే రంగు వేసుకోవాలి. మనకున్నవన్నీ నీలమే. శీను తమ్ముడు బండేసుకుని ఇంటికెళ్లి, కాలేజీ ఫంక్షన్లో తనకిచ్చిన పసుపు టీషర్టు తెచ్చాడు. వీపు మీద పెద్దక్షరాలతో "వాలంటీర్" అని ఉంది. దాని మీద తెల్ల టేపుతో 7 అంటించారు. రెండో సెట్ అయ్యేసరికి చెమటకి టేపు ఊడిపోయింది. గట్టు మీద జనం "వాలంటీర్, వాలంటీర్" అని అరవడం మొదలెట్టారు. ఆ పేరు ఇప్పటికీ పోలేదు.

అంతకు తొమ్మిది నెలల ముందు దాకా శీను మన స్మాషర్. పదిహేనేళ్లప్పుడు, 1999లో గ్రౌండ్‌కొచ్చాడు, పద్నాలుగేళ్లు నెట్టు దగ్గరే ఆడాడు. 2013 సంక్రాంతి సెమీఫైనల్, మూడో సెట్. లిఫ్టర్ ఎత్తిన బాల్ కొంచెం వెనక పడింది. శీను గాల్లోనే వెనక్కి వంగి కొట్టబోయాడు. కుడి భుజం పట్టేసింది.

ఆర్నెల్లు ఆ చెయ్యి తల పైకి లేవలేదు. శీనుది మోటార్లు రివైండింగ్ చేసే షాపు. పై అరలో ఉన్న రాగి తీగ చుట్టని ఎడం చేత్తో దించుకునేవాడు. సాయంత్రం గ్రౌండ్ కనబడకుండా కాలవ గట్టు మీదుగా చుట్టూ తిరిగి ఇంటికెళ్లేవాడు. "బాల్ చప్పుడు వినబడితే అన్నం దిగేది కాదు" అంటాడు.

ఒకరోజు కోచ్ షాపుకొచ్చి కూర్చున్నారు. టీ తాగారు. "చెయ్యి పైకి లేవక్కర్లేని ప్లేసు ఒకటుంది, వస్తావా?" అన్నారు.

లిబెరో 1998లో అంతర్జాతీయ మ్యాచుల్లోకొచ్చింది. సర్వ్ చెయ్యకూడదు, బ్లాక్‌కి ఎగరకూడదు, నెట్టు కంటే ఎత్తులో ఉన్న బాల్‌ని అవతలికి కొట్టకూడదు. అంటే 2.43 మీటర్ల నెట్టు పైన జరిగే పనేదీ అతనిది కాదు. వెనక వరసలో ఉండి, వచ్చిన బాల్ నేల తాకకుండా లిఫ్టర్‌కి అందించాలి, అంతే. "మొదటి వారం సిగ్గేసింది. స్మాష్ కొట్టినోణ్ణి పట్టుకొచ్చి బాల్ ఏరుకోమన్నట్టుంది" అన్నాడు శీను.

మొన్న ప్రాక్టీసులో అతన్నే చూస్తూ కూర్చున్నాం. అవతలి టీమ్ ఎడమ వైపు నుంచి స్మాషర్ లేచాడు. బాల్‌కి చెయ్యి తగలకముందే శీను తన కుడి లైన్ వైపు రెండడుగులు జరిగి, మోకాళ్లు వంచి, చేతులు జోడించి ఆగిపోయాడు. బాల్ తిన్నగా ఆ చేతుల మీదకే వచ్చింది. లిఫ్టర్ ఉన్నచోటు నుంచి కదలక్కర్లేకపోయింది.

ఎలా తెలిసిందని అడిగాం. "బాల్ ఎవడు చూస్తాడండీ, భుజం చూడాలి. వాడు క్రాస్ కొట్టడానికే పరిగెత్తుకొచ్చాడు, గాల్లో భుజం నెట్టుకి తిప్పేశాడు. ఇంక లైనే. పద్నాలుగేళ్లు నేనూ అలాగే తిప్పా."

స్కోర్ షీట్ తీసి చూస్తే శీను ఆడినట్టే తెలీదు. లిబెరో గడిలో అతని నంబర్ ఉంటుంది, అంతే. డిఫెన్స్‌కి మార్కు లేదు. ఇప్పుడు 41 ఏళ్లు. కుర్రాళ్లకి అండర్ హ్యాండ్ నేర్పేటప్పుడు ముందు బాల్ ఇవ్వడు. స్మాషర్లు కొడుతుంటే గట్టు మీద కూర్చోబెట్టి, ఎటు కొడతాడో చెయ్యి తగలకముందే చెప్పమంటాడు. పదిలో ఆరు కరెక్టుగా చెప్పినవాడికే బాల్.

ఆ పసుపు టీషర్టు ఏమైందని అడిగితే షాపు మూలకి చూపించాడు. మోటార్లు తుడిచే గుడ్డల్లో ఉంది. గ్రీజు మరకల మధ్య అక్షరాలు సగం కనబడుతున్నాయి.

ఇంతే. ఆ స్కోర్ షీట్ మాట తప్ప నీ ఆరు పేజీల్లో లేనిది ఒక్కటీ నేను కలపలేదు, ఆ గుడ్డ సంగతి కూడా నువ్వు రాసిందే, ఐదో పేజీలో కరెంటు బిల్లు కష్టాలకీ బావమరిది పెళ్లికీ మధ్యలో దాక్కుని ఉంది. నువ్వు "కృషి ఉంటే మనుషులు ఋషులవుతారు" అని ముగించావు, నేను గుడ్డ దగ్గర ఆపేశా.

నువ్వు కనుక్కోవాల్సినవి మూడున్నాయి. ఆ సెమీఫైనల్ మూడో సెట్ అని ఒకచోట, నాలుగో సెట్ అని ఇంకోచోట రాశావు. మూడో సెట్ అని పెట్టా, కానీ మూడు సెట్ల మ్యాచా ఐదు సెట్ల మ్యాచా శీనుని అడిగి ఒక మాట చెప్పు. ఇంకోటి, కోచ్ గారు అన్న మాట శీను చెప్పగా నువ్వు రాసుకున్నావు, కోచ్ గారికీ ఒకసారి చదివి వినిపించు, నేనలా అనలేదంటే కొటేషన్ తీసేసి మామూలుగా రాద్దాం. "బాల్ ఏరుకోమన్నట్టుంది" అన్నది శీను ఒప్పుకుంటేనే ఉంచుదాం, అప్పుడు సరదాగా అనుంటాడు, ప్రింట్లో చూస్తే మన బాల్ బాయ్స్ ఫీలవుతారేమో అనుకోవచ్చు.

ఫోటో విషయం. నువ్వు పంపిన సన్మానం ఫోటో వద్దు, శాలువా కప్పుకుని పది మంది మధ్యలో శీను ఎవరో కూడా తెలీట్లేదు. షాపుకెళ్లి ఆ గుడ్డ చేతిలో పట్టుకుని మోటార్ పక్కన నిలబడ్డ ఫోటో తియ్యి, మధ్యాహ్నం షట్టర్ ఎత్తి ఉన్నప్పుడు వెళ్తే లైటు బాగుంటుంది, ఫ్లాష్ వెయ్యకు. వాట్సాప్‌లో ఫోటోలా పంపితే క్లారిటీ పోతుంది, డాక్యుమెంట్‌గా పంపు. శనివారం సాయంత్రంలోపు వస్తే సోమవారం ప్రెస్‌కి ఇచ్చేస్తా. కింద పేరు నీదే వేస్తున్నా. ఇంకోటి, ఈలోగా ఆ గుడ్డ ఉతికెయ్యొద్దని వాళ్లావిడకి ఇవాళే ఫోన్ చేసి చెప్పు.