మార్కుల మెమోలో పేరు స్పెల్లింగ్ సవరణ కోసం దరఖాస్తు

తేదీ: 12-06-2025

గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి,
ప్రభుత్వ డిగ్రీ కళాశాల.
(పరీక్షల విభాగం సూపరింటెండెంట్ గారి ద్వారా)

విషయం: బీకాం మూడో సెమిస్టర్ మార్కుల మెమోలో నా పేరు తప్పుగా ముద్రించబడినందున, సరిచేసి కొత్త మెమో ఇప్పించవలసిందిగా విన్నపం.

అయ్యా,

నేను గుడిమెట్ల శ్రావణి, తండ్రి వెంకటరమణ. మన కళాశాలలో బీకాం కంప్యూటర్ అప్లికేషన్స్ 2022-25 బ్యాచ్ విద్యార్థినిని. హాల్ టికెట్ నంబరు 220314057. ఆరో సెమిస్టర్ పరీక్షలు రాసి ఫలితాల కోసం ఎదురుచూస్తున్నాను.

2023 డిసెంబరులో రాసిన మూడో సెమిస్టర్ పరీక్షల మెమోలో (సీరియల్ నంబరు 118462) నా పేరు ఇలా ఉంది:

GUDIMETLA SARVANI

ఉండవలసినది:

GUDIMETLA SRAVANI

ఎస్ తర్వాత రావలసిన ఆర్, ఏ అక్షరాలు తారుమారయ్యాయి. చూడటానికి చిన్న తప్పే గానీ, శ్రావణి కాస్తా శర్వాణి అయిపోయింది. అది వేరే పేరు. మా సెక్షన్‌లోనే శర్వాణి అనే అమ్మాయి ఉంది కూడా, ఇంటిపేరు మాత్రం వేరు. ఆ మెమోలో హాల్ టికెట్ నంబరు, నాన్నగారి పేరు, సబ్జెక్టులు, మార్కులు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. పదో తరగతి, ఇంటర్ మెమోల్లోనూ, డిగ్రీ మిగతా నాలుగు సెమిస్టర్ల మెమోల్లోనూ నా పేరు సరిగ్గానే ఉంది. తప్పు ఈ ఒక్క దాంట్లోనే.

ఇంత ఆలస్యంగా ఎందుకు అడుగుతున్నానని మీకు అనిపించవచ్చు. మెమో చేతికొచ్చిన రోజు మార్కులు చూసుకున్నాను, కాస్టింగ్ పేపర్ గట్టెక్కిందన్న సంతోషంలో పేరు వైపు చూడలేదు. అది నా పొరపాటే. పోయిన వారం పీజీ అడ్మిషన్ కోసం మెమోలన్నీ వరసగా పెట్టి జిరాక్స్ తీయిస్తుంటే, షాపులో ఆయనే "ఇది మీదేనా అమ్మా?" అని అడిగారు. అప్పుడు చూశాను.

ఆ సెమిస్టర్ పరీక్ష ఫారంలో నా పేరు నేనే ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో సరిగ్గా రాశాను. దాని జిరాక్స్ నా దగ్గర ఉండటం అదృష్టం, జతచేస్తున్నాను. తప్పు ఆ తర్వాత నామినల్ రోల్ టైప్ చేసేటప్పుడు పడిందా, మెమో ముద్రణలో పడిందా అన్నది నేను చెప్పలేను. దయచేసి కళాశాలలో ఉన్న నామినల్ రోల్ కాపీ ఒకసారి చూడండి. నా ముఖ్యమైన విన్నపం ఇదే: కాగితం మీద మాత్రమే కాకుండా, యూనివర్సిటీ పరీక్షల విభాగం రికార్డులో కూడా పేరు సరిచేయించండి. అది అలాగే ఉండిపోతే, రేపు వచ్చే కన్సాలిడేటెడ్ మెమోలోనూ, ప్రొవిజనల్ సర్టిఫికెట్‌లోనూ ఇదే పేరు వస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది. అవి ముద్రణకు వెళ్లకముందే ఈ దరఖాస్తును మీ సంతకంతో యూనివర్సిటీకి పంపితే నాకు ఎంతో మేలవుతుంది.

పెన్నుతో దిద్ది స్టాంపు వేయించుకుంటే సరిపోతుందని కొందరు స్నేహితులు అన్నారు. దిద్దిన మెమోను వెరిఫికేషన్‌లో ఒప్పుకోకపోతే ఉన్నదీ పోతుందని, దాన్ని ముట్టుకోలేదు. ఒరిజినల్ ఉన్నది ఉన్నట్టే మీకు అప్పగిస్తున్నాను. అందినట్టు ఒక రసీదు ఇప్పించగలరు.

కొత్త మెమో వచ్చేలోగా పీజీ కౌన్సెలింగ్ మొదలైతే చూపించుకోవడానికి, పై హాల్ టికెట్ నంబరు గల శ్రావణి, మెమోలో ఉన్న శర్వాణి ఒకరేనని కళాశాల లెటర్‌హెడ్ మీద ఒక ధ్రువీకరణ పత్రం కూడా ఇప్పించమని కోరుతున్నాను.

రుసుము గురించి ఒక మాట. ఫారంలో నేను సరిగ్గానే రాశాను కాబట్టి, వీలుంటే సవరణ రుసుము మినహాయించమని మనవి. వీలు కాదంటే ఎంతో చెప్పండి, అదే రోజు చలానా కట్టి తెస్తాను. దానికోసం మాత్రం ఫైలు ఆగకూడదని నా కోరిక.

ఏదైనా కాగితం తక్కువైతే అడ్మిషన్ రిజిస్టర్‌లో ఉన్న ఫోన్ నంబరుకే కబురు చేయగలరు. అది నాన్నగారిది, ఎప్పుడు చేసినా ఎత్తుతారు.

ఇట్లు,
మీ విధేయురాలు,
(సంతకం)
గుడిమెట్ల శ్రావణి
బీకాం (సీఏ), చివరి సంవత్సరం

జతపరచినవి: మూడో సెమిస్టర్ ఒరిజినల్ మెమో, పదో తరగతి, ఇంటర్ మెమోల జిరాక్సులు, ఒకటి, రెండు, నాలుగు, ఐదు సెమిస్టర్ల మెమోల జిరాక్సులు, మూడో సెమిస్టర్ పరీక్ష ఫారం, హాల్ టికెట్ జిరాక్సులు, ఆధార్ జిరాక్స్. జిరాక్సులన్నిటి మీదా నా సంతకం ఉంది. ఒరిజినల్స్ వెంట తెచ్చాను, పోల్చి చూసుకోవచ్చు.