పల్లి ఆకు మీది మచ్చలు: మీ ఫొటోలు చూసినంక

అన్నా, నమస్తే. కల్వకుర్తి దిక్కు మీ మూడెకరాల చెల్కల వేసిన పల్లి ఫొటోలు నాలుగూ చూసిన. "ఏం మందు కొట్టాలె" అని అడిగిన్రు. మందు పేరు చెప్పేముందు ఒక్క పని చెయ్యండి: మచ్చలున్న ఆకును తిప్పి, అడుగు భాగం ఫొటో తీసి పంపండి. మీరు పంపినవన్నీ పై భాగమే, అందులో ఒకటి మసకగా ఉంది.

మొదటి ఫొటోలో గోధుమ రంగు మచ్చ చుట్టూ పసుపు వలయం కనిపిస్తుంది. అది తిక్క ఆకుమచ్చ తెగులు అనిపిస్తుంది. ఇది రెండు రకాలు. ముందుగా వచ్చేది నెల పైరు నుంచే మొదలైతది, పసుపు వలయం స్పష్టంగా ఉంటది. ఆలస్యంగా వచ్చేది ఊడలు దిగినంక ఎక్కువైతది. ఆకు అడుగున మచ్చ బొగ్గులెక్క నల్లగ ఉంటది. ఆకంతా రాలగొట్టి కాయ నింపకుండ చేసేది ఎక్కువగా ఈ రెండోదే. అడుగున ఇటుక రంగు పొక్కులుండి, వేలితో రుద్దితే పొడి అంటితే అది కుంకుమ తెగులు.

మూడో ఫొటో దగ్గర నాకు అనుమానం. ఆ మచ్చ ఉబ్బినట్టుంది. ఆకును ఎండకెదురుగా పట్టి చూడండి, లోపల చిన్న పురుగు కనిపిస్తే అది ఆకుముడత పురుగు. తెగులు మందు ఎంత కొట్టినా దానికి పని చెయ్యదు, పైసలు దండుగైతయి. లేత ఆకుల మీద వలయాల మచ్చలుండి మొవ్వు ఎండిపోతుంటే అది మొవ్వుకుళ్ళు వైరస్. దాన్ని తామర పురుగులు మోస్తయి.

ఇంకా ఇవి రాయండి. విత్తి ఎన్ని రోజులైంది? ఏ రకం గింజ? పోయినసారి ఆ చేన్ల ఏం వేసిన్రు? మచ్చలు కింది ఆకుల మీదనా, కొసల మీదనా? చేనంతా ఉన్నయా, గట్ల పొంటి మాత్రమేనా? ఈ పదిహేను రోజుల్ల ఏం కొట్టిన్రు, డబ్బాకు ఎంత కలిపిన్రు? కలుపు మందు కొట్టిన డబ్బానే కడగకుండ వాడిన్రా? ఈ చివరి మాట దాచకండన్నా, దాని మాడు మచ్చలు కూడ తెగులులెక్కనే కనిపిస్తయి.

ఫొటో తీసేటప్పుడు ఆకును తెల్ల కాగితం మీద పెట్టి, పక్కన రూపాయి బిళ్ళ పెట్టండి, నీడలో తీయండి. వేర్లతో సహా పీకిన ఒక మొక్కది, చేనంతా కనిపించేటట్టు ఇంకొకటి.

తిక్కనే అని తేలితే టెబ్యుకొనజోల్ ఎకరానికి 200 మి.లీ., 200 లీటర్ల నీళ్ళల్ల కలిపి ఆకు కింద కూడ తడిసేటట్టు కొట్టాలె. అప్పటిదాక దుకాణంల మూడు మందులు కలిపిస్తే తీసుకోకండి. స్ప్రింక్లర్లు సాయంత్రం కాకుండ పొద్దున నడపండి, రాత్రంతా ఆకు తడిగ ఉంటే మచ్చ తొందరగా పాకుతది. పురుగు కనిపిస్తే మాత్రం ఫొటోల కోసం ఆగకండి, నాకు వెంటనే ఫోన్ చెయ్యండి. లేదంటే ఆకులు తీసుకొని పాలెం పరిశోధన స్థానానికి పోయినా చూపించవచ్చు.