2026–27 బిల్లింగ్, బెంచ్ ప్లాన్: భాగస్వాముల సమావేశానికి

మాదాపూర్ ఆఫీసులో మన ఇంజనీర్లు 36 మంది. ఇవాళ్టికి బిల్లింగ్‌లో ఉన్నది 25 మంది, అంటే యుటిలైజేషన్ 69 శాతం. మిగతా 11 మంది బెంచ్ మీద ఉన్నారు. జీతం, సీటు ఖర్చు కలిపి మనిషికి నెలకు 1.18 లక్షలు. బెంచ్‌కే నెలనెలా 13 లక్షలు పోతోంది.

గంట రేట్లు సీనియర్‌కు 24 డాలర్లు, మిడ్ లెవెల్‌కు 18, జూనియర్‌కు 14. సగటున 18 పడుతోంది. డాలర్‌ను 85 రూపాయలకే లెక్కేశాను; పైన వచ్చేదాన్ని ముందే ఖర్చు రాసుకోవద్దు. సెలవులు పోగా మనిషికి నెలకు 154 గంటలు. 25 మంది మీద వచ్చేది 58.9 లక్షలు. అడ్మిన్, సేల్స్ 14 లక్షలతో కలిపి ఖర్చు 56.5 లక్షలు. మిగిలేది 2.4 లక్షలు. ఒక్క క్లయింట్ ఇద్దరిని వెనక్కి పంపితే నష్టంలోకి జారతాం.

రేటు పెంచుదామని పోయినసారి చాలాసేపు మాట్లాడుకున్నాం. అందరికీ ఒక డాలర్ పెరిగితే 3.27 లక్షలు వస్తాయి. ఇద్దరిని బెంచ్ నుంచి లేపితే 4.7 లక్షలు, అదనపు ఖర్చు దాదాపు లేకుండా. జీతం ఎలాగూ ఇస్తున్నాం కదా. అందుకే ఈ ఏడు నా పట్టు బెంచ్ మీదే: సెప్టెంబర్‌కల్లా 29 మంది బిల్లింగ్‌లో ఉండాలి. అప్పుడు మిగులు 11.8 లక్షలకు చేరుతుంది.

బెంచ్ మీదున్న ఒక జావా అమ్మాయి టైమ్‌షీట్ చూశాను. పది వారాలుగా రోజూ ‘ట్రైనింగ్, 8 గంటలు’ అనే ఉంది. మూడు క్లయింట్ ఇంటర్వ్యూల్లోనూ ఆగిపోయింది ఏడబ్ల్యూఎస్ దగ్గరే. ఆ మాట మొదటి ఇంటర్వ్యూ అయిన వెంటనే ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఇది మన తప్పు. ఇకపై ప్రతి రిజెక్షన్‌కూ కారణం రెండు రోజుల్లో రాయాలి. బెంచ్‌కొచ్చినవాళ్ల బాధ్యత మూడో రోజుకే ఒక లీడ్ తీసుకోవాలి. ఈ పని మనం చేయకుండా ఎవరినీ రాజీనామా అడగకూడదు.

జూనియర్లను పాత క్లయింట్లకు మొదటి 8 వారాలు 12 డాలర్లకు ఇద్దాం. మనిషికి నెలకు 1.57 లక్షలు వస్తాయి, వాళ్ల ఖర్చు వెళ్లిపోతుంది. అయితే తొమ్మిదో వారం నుంచి 14 అని ఎస్‌ఓడబ్ల్యూలోనే రాయించుకోవాలి. నోటిమాట మీద వదిలితే ఆ 12 అక్కడే ఉండిపోతుంది.

డిసెంబర్ చివరి వారం డాలస్ క్లయింట్ ఆఫీసు మూసేస్తాడు. అక్కడున్న 14 మందికి ఆ ఒక్క వారం బిల్లింగ్ 8.6 లక్షలు ఆగుతుంది. వాళ్ల వార్షిక సెలవుల్లో ఐదు రోజులు అప్పుడే వాడుకోమని ఏప్రిల్‌లోనే చెప్పేద్దాం, ఊరి టికెట్లు కూడా దొరుకుతాయి.

ఇన్‌వాయిస్ డబ్బు 45 రోజులకు గానీ రాదు, జీతాలేమో ఒకటో తారీఖు. రెండు నెలల ఖర్చు, 1.13 కోట్లు, విడిగా ఉంచాలి. జీఎస్టీ ఎల్‌యూటీ కోసం RFD-11 మార్చిలోనే వేయాలి, అది అకౌంట్స్ బాధ్యత.

బెంచ్ పట్టిక ప్రతి సోమవారం ఉదయం 10కి నేనే పంపుతాను.