విషయం: నేను చేరే తేదీని ఆగస్టు 4 నుంచి ఆగస్టు 25కు మార్చమని వినతి – సీనియర్ బ్యాకెండ్ డెవలపర్ ఉద్యోగం

హైదరాబాద్, 17 జులై 2025

శ్రావణి గారికి,

నమస్కారం అండి. జూన్ 2న మీరు పంపిన ఆఫర్ లెటర్ ప్రకారం నేను ఆగస్టు 4, సోమవారం నాడు మీ గచ్చిబౌలి ఆఫీసులో చేరాలి. ఆ తేదీని ఆగస్టు 25, సోమవారానికి జరపమని కోరుతున్నాను. ఇప్పుడున్న కంపెనీలో నేను చూస్తున్న ప్రాజెక్టు అప్పగింత ఆగస్టు 1లోపు సరిగ్గా పూర్తయ్యేలా లేదు. కారణం అదొక్కటే. మీ ఆఫర్ విషయంలో నా నిర్ణయం మారలేదు. వేరే చోట ఇంటర్వ్యూలకు వెళ్లడం లేదు, ఇక్కడ కౌంటర్ ఆఫర్ అడగలేదు, ఇస్తామన్నా తీసుకోను. చేరే తేదీ జరపమనగానే ముందు వచ్చే అనుమానం అదే కాబట్టి ఈ మాట మొదటే చెబుతున్నాను.

జూన్ 3న రాజీనామా ఇచ్చాను. 60 రోజుల నోటీసు ఆగస్టు 1, శుక్రవారంతో ముగుస్తుంది. నా పని అందుకోవడానికి జూన్ మొదట్లో కేటాయించిన సహోద్యోగిని నెల మధ్యలో వేరే ప్రాజెక్టుకు మార్చారు. ఆయన స్థానంలో కొత్త డెవలపర్ జులై 14న వచ్చారు. అంటే రెండు నెలల్లో జరగాల్సిన అప్పగింతకు మిగిలింది మూడు వారాలు. చదివి తెలుసుకునే భాగానికి ఆ మూడు వారాలు చాలు. పక్కన ఉండి చేయించాల్సిన భాగానికి చాలవు.

హైరింగ్ మేనేజర్ గారు అడిగితే మీరు చెప్పడానికి వీలుగా ఆ భాగం ఏమిటో రాస్తున్నాను. క్లయింటు పేరు బయటపెట్టకూడదు కాబట్టి పని వరకే చెబుతాను. ఐదు గోదాముల నుంచి సరుకు పంపే ఒక పంపిణీ సంస్థకు ఈ-ఇన్వాయిస్ వ్యవస్థ నడుపుతున్నాం. బిల్లు తయారవగానే ప్రభుత్వ ఇన్వాయిస్ పోర్టల్‌కు వెళ్లి, అక్కడి నుంచి ఐఆర్‌ఎన్ అనే గుర్తింపు నంబరు, క్యూఆర్ కోడ్ తెచ్చుకోవాలి. అవి వచ్చాకే బిల్లు ప్రింటు తీసి లారీ కదులుతుంది. చిక్కంతా నెట్‌వర్క్ మధ్యలో తెగినప్పుడు వస్తుంది. పోర్టల్ ఐఆర్‌ఎన్ ఇచ్చేస్తుంది, ఆ జవాబు మాత్రం మన సర్వర్‌కు చేరదు. అదే బిల్లు మళ్లీ పంపితే 2150 అనే డూప్లికేట్ ఎర్రర్ వస్తుంది. అప్పుడు చేయాల్సింది పోర్టల్‌లో ఇప్పటికే ఉన్న ఐఆర్‌ఎన్‌ను తెచ్చి మన బిల్లుకు కలపడం. కొత్తగా వచ్చినవారికి గోదాము నుంచి ఫోన్ల మీద ఫోన్లు వస్తుంటే, బిల్లు నంబరు మార్చి మళ్లీ పంపేయడమే దగ్గరి దారిలా కనిపిస్తుంది. అలా చేస్తే ఒకే సరుకుకు రెండు ఇన్వాయిస్‌లు నమోదై పన్ను రెండుసార్లు లెక్కకొస్తుంది. 24 గంటల్లోపు గమనిస్తే పోర్టల్‌లోనే రద్దు చేయవచ్చు. ఆ గడువు దాటితే క్రెడిట్ నోటు రాయడమో, రిటర్నులో సవరించడమో తప్పదు. నెలాఖరున బిల్లుల తాకిడి ఎక్కువగా ఉంటుంది కాబట్టి ఇలాంటివి ఎక్కువగా బయటపడేదీ అప్పుడే.

ఇది కాగితం మీద రాసి ఇచ్చాను. కానీ ఒక నెల ముగింపు మొత్తం ఆయన చేతుల మీదుగా జరిగితేనే పని అప్పగించినట్టు. జులై అమ్మకాల వివరాలిచ్చే రిటర్ను జీఎస్టీఆర్-1కు గడువు ఆగస్టు 11, పన్ను కట్టే రిటర్ను జీఎస్టీఆర్-3బికి ఆగస్టు 20. పోర్టల్‌లో నమోదైన ఇన్వాయిస్‌లు జీఎస్టీఆర్-1లో కనిపించడానికి ఒకట్రెండు రోజులు పడుతుంది. అందుకే మన రిజిస్టరుకూ రిటర్నుకూ మధ్య తేడాలు నెల దాటాకే తేలతాయి. ఆగస్టు 1న నేను వెళ్లిపోతే, తేడాలు బయటపడే సరిగ్గా ఆ పది రోజులూ ఆయన ఒక్కరే ఉంటారు.

ఇప్పటికి కోడ్ రిపాజిటరీ, డిప్లాయ్‌మెంట్ పద్ధతి, డేటాబేస్ పట్టికల వివరణ అప్పగించడం అయిపోయింది. విఫలమైన ఇన్వాయిస్‌లను మళ్లీ పంపే క్యూ, ఈ-వే బిల్లు అనుసంధానం, పోర్టల్ లాగిన్ వివరాలు క్లయింటు సమక్షంలో మార్చడం మిగిలాయి. జులై 31లోపు మొదటి రెండూ పూర్తి చేస్తాను. ఆగస్టు 1 నుంచి 11 దాకా రోజువారీ పని ఆయన చేస్తారు, నేను పక్కన ఉంటాను. 12 నుంచి 20 దాకా లెక్కలు సరిచూడటం ఆయనే చేస్తారు, ఆయన అడిగితే తప్ప నేను కలగజేసుకోను. లాగిన్ వివరాల మార్పు ఆఖరున పెట్టుకున్నాం, ఎందుకంటే అది అయ్యాక నాకు ఆ వ్యవస్థలోకి ప్రవేశం ఉండదు. ఆగస్టు 21, గురువారం నా చివరి పనిదినం. ఆ రోజే రిలీవింగ్ లెటర్ ఇస్తామని మా మేనేజర్ గారు, హెచ్‌ఆర్ ఇద్దరూ ఒప్పుకున్నారు. ఆ మెయిల్ కాపీ దీనికి జతచేశాను.

నోటీసు కాలం మిగిలితే బైఅవుట్ సొమ్ము మీరే భరిస్తామని జూన్‌లో మీరన్న మాట గుర్తుంది, అందుకు కృతజ్ఞతలు. ఇక్కడ అడ్డు డబ్బు కాదు కాబట్టి అది అక్కరకు రాదు. ఆగస్టు 4న మీ దగ్గర చేరి సాయంత్రాలు ఇక్కడి పని చూడటం కూడా కుదరదు. రెండు చోట్లా ఒకేసారి ఉద్యోగంలో ఉన్నట్టు అవుతుంది. పీఎఫ్ రికార్డులో పాత కంపెనీ నిష్క్రమణ తేదీ, మీ దగ్గర చేరిన తేదీ ఒకదాని మీద ఒకటి పడతాయి, తర్వాత బదిలీ చేసుకునేటప్పుడూ, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లోనూ అది చిక్కే. రెండు ఒప్పందాల ప్రకారమూ అది తప్పు కూడా.

ఆగస్టు 25 మీకు ఏమాత్రం కుదరకపోతే ఆగస్టు 18, సోమవారం చేరగలను. అప్పటికి జీఎస్టీఆర్-1 గడువు దాటుతుంది, 3బి సరిచూడటం మాత్రం కొత్తవారి మీద పడుతుంది. అలాగైతే ఆగస్టు 14నే రిలీవ్ చేయమని ఇక్కడ అడగాలి, కాబట్టి నాకు జులై 23, బుధవారంలోపు తెలియాలి. నా వరకు 25నే సరైన తేదీ అని గట్టిగా అనుకుంటున్నాను. 25 తర్వాత మళ్లీ గడువు అడగను.

ఒప్పుకుంటే, మారిన చేరే తేదీతో సవరించిన ఆఫర్ లెటర్ పంపగలరా? పాత లెటర్‌లో ఆగస్టు 4న చేరకపోతే ఆఫర్ రద్దవుతుందన్న షరతు ఉంది, అందువల్ల మెయిల్‌లో సరేనన్న ఒక్క మాట సరిపోదేమో. వెరిఫికేషన్ ఏజెన్సీకి కూడా చివరి పనిదినం ఆగస్టు 21 అని తెలియజేయగలరు. నేను ఫారంలో ఆగస్టు 1 అని రాసి ఉన్నాను. సర్టిఫికెట్ల కాపీలు, మూడు నెలల జీతం స్లిప్పులు ఇప్పటికే మీ పోర్టల్‌లో పెట్టాను. ఇండక్షన్‌కు ముందు చదవాల్సినవి, పూర్తి చేయాల్సిన శిక్షణ ఏమైనా ఉంటే పంపండి, ఆగస్టు 22 నుంచి 24 వరకు ఖాళీగానే ఉంటాను.

నా కోసం మీ టీమ్ ఇప్పటికే నెలన్నరగా ఎదురుచూస్తోంది. ఇంకో మూడు వారాలు అడగడం మీ ప్రణాళికకు ఇబ్బందేనని తెలుసు, అందుకు మన్నించండి. హైరింగ్ మేనేజర్ గారు నేరుగా మాట్లాడాలనుకుంటే రేపు గానీ, సోమవారం గానీ సాయంత్రం 6 తర్వాత ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు. నంబరు నా దరఖాస్తులో ఉన్నదే.

ఇట్లు,
కిరణ్

జత: చివరి పనిదినం పొడిగింపుపై మా మేనేజర్, హెచ్‌ఆర్ మెయిల్, అప్పగింత ప్రణాళిక, 1 పేజీ