జూలై–సెప్టెంబర్ 2024: ట్రేడింగ్ డైరీ సమీక్ష

అక్టోబర్ 6, ఆదివారం

మూడు నెలల్లో 41 ట్రేడులు. ఒక్కోదానిలో పోగొట్టుకోవడానికి సిద్ధపడింది రూ.2,000, కింద 'ఆర్' అంటే అదే.

20 ఈఎంఏకు దిగివచ్చాక కొనుగోలు, రోజువారీ చార్టు: 14లో 8 లాభం, నికరం +7.2 ఆర్
ఆర్‌ఎస్‌ఐ 30 కిందికి వెళ్లాక కొనుగోలు: 9లో 6 లాభం, −0.9 ఆర్
ఎంఏసీడీ క్రాసోవర్: 11లో 4 లాభం, −1.8 ఆర్
సూపర్‌ట్రెండ్, 15 నిమిషాల చార్టు: 7లో 2 లాభం, −3.1 ఆర్

మొత్తం +1.4 ఆర్, అంటే రూ.2,800. ఎస్‌టీటీ, బ్రోకరేజీ, మిగతా ఛార్జీలు కలిపి రూ.3,900. చేతి నుంచి రూ.1,100 పోయింది.

లెక్క వేయకముందు అడిగి ఉంటే, నాకు బాగా కలిసొచ్చింది ఆర్‌ఎస్‌ఐ అని చెప్పేవాడిని. తొమ్మిదిలో ఆరు గెలిచాను మరి! కానీ ఆర్‌ఎస్‌ఐ 50కి రాగానే అమ్మేయడంతో ఆ ఆరింటిలో సగటు లాభం 0.6 ఆర్ మాత్రమే. ఆగస్టు 5న నిఫ్టీ 660 పాయింట్లకు పైగా పడిన రోజు, నా షేరు తెరుచుకోవడమే స్టాప్‌లాస్ కింద తెరుచుకుంది. అప్పుడే అమ్మి ఉంటే 1.4 ఆర్‌తో పోయేది. స్టాప్‌లాస్‌ను కిందికి జరిపాను. డైరీలో ఆ రోజు కారణం గడిలో 'ఇక్కడి నుంచి లేస్తుంది' అని ఉంది. 2.5 ఆర్ పోయింది. బుద్ధిగా అమ్మి ఉన్నా ఈ పద్ధతికి మిగిలేది 0.2 ఆరే, ఛార్జీలకూ చాలదు.

ఎంఏసీడీ నాకు పనికిరాదన్న నా అనుమానం తప్పింది. స్క్రీన్‌షాట్లు ఒక్కొక్కటే తెరిచి చూశాను. నాలుగు ట్రేడుల్లో గీతలు దాటుకున్నది మధ్యాహ్నం. సాయంత్రం 3:30కి క్యాండిల్ ముగిసేసరికి ఆ క్రాసే లేదు. నాలుగూ నష్టమే. అవి తీసేస్తే ఏడింటిలో నాలుగు లాభం, +2.2 ఆర్. సూచిక చెప్పకముందే విన్నట్టు చేశాను.

సూపర్‌ట్రెండ్ గురించి రాయడానికి పెద్దగా లేదు. ఆఫీసులో ఉండి పావుగంట చార్టు చూడటం కుదరదు. ఆపేస్తున్నాను.

ఇక ఈఎంఏ. దీనికి మార్కులు వేయడానికి చేయి రావడం లేదు. జూలై 1న 24,140 దగ్గర ముగిసిన నిఫ్టీ సెప్టెంబర్ 30న 25,810 దగ్గర ముగిసింది. అలాంటి కాలంలో దిగినప్పుడు కొన్నవాడికి ఏ గీతైనా పనిచేసేది. నిఫ్టీ తన 20 ఈఎంఏ పైన ఉన్నప్పుడు కొన్నవి 11, వాటిలో 8 లాభం. కింద ఉన్నప్పుడు కొన్న మూడూ పోయాయి. మూడు ట్రేడులతో తీర్పు చెప్పలేను గానీ, వచ్చే త్రైమాసికం ఈ నిబంధన పెట్టి చూస్తాను.

డిసెంబర్ ఆఖరు దాకా: ఈఎంఏ ట్రేడులు నిఫ్టీ తన 20 ఈఎంఏ పైన ఉంటేనే. ఎంఏసీడీ కొనుగోలు మర్నాడు 9:15 తర్వాతే. ఆర్‌ఎస్‌ఐ కాగితం మీద మాత్రమే. డైరీలో రెండు కొత్త గడులు: 'ఆ రోజు నిఫ్టీ ఎక్కడ', 'స్టాప్‌లాస్ జరిపానా'.